పేరుకున్న నూనె, అడుగంటిన పాలు

మినియాపొలిస్‌లో చదువుకుంటున్న మా చెల్లెలి కూతురు జనవరిలో ఒకరోజు ఫోన్ చేసి, "పెద్దమ్మా, నా ఫోన్ పాడైపోయింది. 34 శాతం ఛార్జింగ్ ఉండగానే గుటుక్కుమంది" అంది. బస్సు కోసం నిలబడి మంచు ఫొటో తీయబోయిందట. బయట మైనస్ 18 డిగ్రీలు. "మరి ఇప్పుడు ఎవరి ఫోన్ నుంచి మాట్లాడుతున్నావే?" అన్నాను. కాసేపు ఆగి, "దీన్నుంచే" అంది. గదికొచ్చాక కాసేపటికి ఆన్ చేస్తే 31 చూపించిందట.

ఆ ఏడాదే విజయవాడలో మా కింది వాటా అతను తన ఎలక్ట్రిక్ స్కూటర్ గురించి దిగులుపడ్డాడు. కొన్నప్పుడు ఒక్క ఛార్జికి 80 కిలోమీటర్లు వచ్చేది, మూడో వేసవి దాటేసరికి 60కి పడింది. "వానలు పడితే సర్దుకుంటుందిలే అక్కా" అన్నాడు. వానలు పడ్డాయి, చలికాలమూ వచ్చింది. బండి సర్దుకోలేదు.

రెండింట్లోనూ లిథియం అయాన్ బ్యాటరీయే. ఒకదానిలో పోయిందనుకున్నది తిరిగొచ్చింది, రెండోదానిలో తిరిగొస్తుందనుకున్నది పోయింది.

ముందు చలి సంగతి. ఈ బ్యాటరీలో రెండు పలకలుంటాయి. ఒకవైపు గ్రాఫైట్, రెండోవైపు లోహాల ఆక్సైడో ఫాస్ఫేటో. మధ్యలో ఎలక్ట్రోలైట్ అనే ద్రవం. మనం ఫోన్ వాడుతుంటే గ్రాఫైట్ పొరల మధ్య దాగిన లిథియం అయాన్లు బయటికొచ్చి, ద్రవంలో ఈది అవతలి పలకలోకి దూరతాయి. చలిలో ఆ ద్రవం చిక్కబడి ఈత మందగిస్తుంది. అంతకన్నా పెద్ద అడ్డంకి పలకల గడప దగ్గర ఉంది. అయాన్ ద్రవాన్ని విదిలించుకుని పలకలోకి అడుగుపెట్టడానికి కొంత వేడి కావాలి, చలిలో అది చాలదు. డిసెంబరులో పేరుకున్న కొబ్బరినూనె సీసాను వంచితే చుక్క పడదు. అలాగని నూనె తరిగిపోలేదు కదా. ఎలక్ట్రోలైట్ నూనెలా గడ్డకట్టదు, చిక్కబడుతుందంతే. మిగతా కథంతా అదే.

మరి 34 శాతం ఉండగా ఆరిపోవడమేమిటి? చిన్న లెక్క వేద్దాం. సులువు కోసం గుండ్రటి అంకెలు తీసుకుంటున్నాను. ఆ స్థితిలో సెల్ వోల్టేజీ 3.7 అనుకుందాం. 3.2 కన్నా కిందికి జారితే ఫోన్ తనను తాను ఆపేసుకుంటుంది. మామూలు గదిలో బ్యాటరీ లోపలి నిరోధం 0.1 ఓమ్. కెమెరా ఒక్కసారిగా 2 ఆంపియర్లు లాగితే 0.2 వోల్టులు ఆ నిరోధానికే పోయి 3.5 మిగులుతుంది, ఇబ్బంది లేదు. గడ్డకట్టే చలిలో నిరోధం నాలుగింతలై 0.4 ఓమ్ అయిందనుకోండి. అదే 2 ఆంపియర్లకి 0.8 వోల్టులు పోతాయి, మిగిలేది 2.9. ఫోన్ ఖాళీ అనుకుని కళ్లు మూసుకుంటుంది. లిథియం ఎక్కడిదక్కడే ఉంది. వెచ్చబడితే నిరోధం దిగుతుంది, శాతమూ తిరిగొస్తుంది.

చలి చేసే అసలు కీడు ఒకటుంది. అది వాడకంలో కాదు, ఛార్జింగ్‌లో. సున్నా డిగ్రీల కింద గట్టిగా ఛార్జ్ చేస్తే లిథియం గ్రాఫైట్‌లోకి దూరే వేగం చాలక, బయటే లోహపు పూతలా పేరుకుంటుంది. అందులో చాలా భాగం మళ్లీ పనికిరాదు, ముదిరితే లోపల షార్ట్ అయ్యే ప్రమాదమూ ఉంది. అందుకే ఎలక్ట్రిక్ కార్లు చల్లటి బ్యాటరీలోకి కరెంటును చుక్కచుక్కగానే రానిస్తాయి. 2024 జనవరిలో షికాగోలో ఛార్జింగ్ స్టేషన్ల దగ్గర కార్లు గంటల తరబడి బారులు తీరడానికి ఇదొక కారణం.

ఇక ఎండ. దీనికి సరైన పోలిక అడుగంటిన పాలు. గిన్నె అడుగున మాడి అంటుకున్నది పొయ్యి ఆర్పినా మళ్లీ పాలు కాదు. బ్యాటరీ తొలి ఛార్జిలోనే గ్రాఫైట్ మీద ఎలక్ట్రోలైట్ కొంత విరిగి ఒక సన్నటి పొర కడుతుంది. దాన్ని ఎస్‌ఈఐ అంటారు. అది ఉండాల్సిందే, లేకపోతే మిగతా ద్రవమంతా విరిగిపోతుంది. చిక్కల్లా ఆ పొర అక్కడితో ఆగకపోవడం. అది మందమవుతూనే ఉంటుంది, అలా మందమైన ప్రతిసారీ కొంత లిథియాన్ని తనలో శాశ్వతంగా బిగించేసుకుంటుంది. వేడి ఈ పనిని తొందరపెడుతుంది. ప్రతి 10 డిగ్రీలకీ వేగం రెట్టింపు అన్నది ఈ రంగంలో వాడే మోటు లెక్క.

దీనికి అందరూ చూసిన ఉదాహరణ నిస్సాన్ లీఫ్ కారు. దాని డాష్‌బోర్డు మీద బ్యాటరీ సత్తువను చూపే 12 గీతలుండేవి. సుమారు 15 శాతం సత్తువ పోతే మొదటి గీత మాయమవుతుంది. 2012 వేసవిలో అరిజోనా ఎడారి నగరమైన ఫీనిక్స్‌లో, కొని రెండేళ్లయినా కాని కార్లలో గీతలు రాలడం మొదలైంది. చల్లటి సియాటిల్‌లో అవే కార్లు నిక్షేపంగా తిరుగుతున్నాయి. ఆనాటి లీఫ్ బ్యాటరీకి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉండేది కాదు. ఫీనిక్స్ వేసవిలో రాత్రిళ్లు కూడా వేడిగానే ఉంటాయి కాబట్టి, పగలు కాగిన బ్యాటరీకి చల్లారే వేళే దొరకదు. ఒక్క మధ్యాహ్నపు ఎండకన్నా నెలల తరబడి దిగని వేడే ఎక్కువ తినేసింది. కంపెనీ ఆ తర్వాత 5 ఏళ్లు లేదా 60 వేల మైళ్ల లోపు 9 గీతల కన్నా తగ్గితే తాము చూసుకుంటామని హామీ ఇచ్చింది, వేడిని మరింత తట్టుకునే సెల్స్ కూడా తెచ్చింది.

ఇందులో మనల్ని మోసం చేసేది ఒకటుంది. వేడిలో నిరోధం తక్కువ కాబట్టి మే నెలలో బండి ఆ పూటకి బాగానే పరుగెత్తుతుంది. చలి నష్టం చేయకుండానే భయపెడుతుంది, వేడి భయపెట్టకుండా నష్టం చేస్తుంది. అందుకే బ్యాటరీ అరుగుదల తెలుసుకోవాలంటే ఒకే వాతావరణంలో పోల్చాలి. ఈ నవంబరులో పూర్తి ఛార్జికి, అదే దారిలో, అదే వేగంతో ఎన్ని కిలోమీటర్లు వచ్చాయో రాసిపెట్టుకుని, వచ్చే నవంబరులో మళ్లీ చూడాలి.

మా కింది వాటా అతని బండి సంగతి కూడా అడిగి తెలుసుకున్నాను. మధ్యాహ్నం డ్యూటీ నుంచి రాగానే రేకుల షెడ్డు కింద పెట్టి, కాగుతున్న బ్యాటరీకే ఛార్జర్ తగిలించి, నూరు శాతం ఎక్కించి మర్నాటిదాకా వదిలేసేవాడు. నిండా ఎక్కిన బ్యాటరీలో గ్రాఫైట్ వైపు రసాయన చర్య మరింత చురుగ్గా సాగుతుంది, దానికి వేడి తోడైతే నష్టం రెండువైపులా. బాగా ప్రచారంలో ఉన్న ఒక అంచనా ప్రకారం కోబాల్ట్ రకం సెల్‌ని 40 డిగ్రీల్లో ఏడాదిపాటు ఊరికే ఉంచితే, 40 శాతం ఛార్జిలో పెట్టినదానికి దాదాపు 85 శాతం సత్తువ మిగులుతుంది, నిండా ఎక్కించి పెట్టినదానికి 65 దగ్గర.

ఇప్పుడతను బండిని మెట్ల కింద నీడలో పెడుతున్నాడు. రాత్రి పది దాటాక, చేత్తో తాకి చల్లబడిందనుకున్నాకే ప్లగ్ పెట్టి, దూరప్రయాణం లేని రోజుల్లో 80 శాతం దగ్గర తీసేస్తున్నాడు. పోయిన 20 కిలోమీటర్లు మాత్రం పోయినట్టే. "ఉన్న 60 అయినా నిలబడితే చాలక్కా" అంటున్నాడు.