తాతయ్య ఉన్న ఫోటోకి నాలుగో ర్యాంకు

పెళ్లయిన కొన్ని వారాలకి ఫోటోగ్రాఫర్ నుంచి ఒక లింక్ వస్తుంది. తెరిస్తే వేలకొద్దీ ఫోటోలు. "ఇందులోంచి 180 సెలెక్ట్ చేసి పంపండి, ఆల్బమ్ మొదలుపెడతాం" అని కింద ఒక మెసేజ్. చాలా జంటలు సరిగ్గా అక్కడే ఆగిపోతాయి. మొదటి రోజు ఉత్సాహంగా ఓ రెండు వందలకి హార్ట్ కొడతారు. ఇంకా సగం ఫోటోలు మిగిలే ఉంటాయి. తర్వాత చూద్దాంలే అనుకుంటారు. ఆ తర్వాత అనేది మొదటి పెళ్లిరోజు దాకా రాదు.

నేను పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. సెలెక్షన్ ఎక్కడ చెడుతుందో నా దగ్గరికొచ్చే లిస్టుల్లో స్పష్టంగా కనిపిస్తుంది. వచ్చిన ఫోటోలన్నీ బాగానే ఉంటాయి. కానీ అందులో అరవై వరకూ పెళ్లికూతురు ఒకే చీరలో, ఇంచుమించు ఒకే నవ్వుతో ఉన్నవి. మేనత్త మాత్రం ఒక్కదాంట్లోనూ ఉండదు. ఇది అభిరుచి లోపం కాదు. నాలుగు వేల ఫోటోలనీ ఒకే వరుసలో పెట్టి "ఏది అందంగా ఉంది?" అని అడిగితే వచ్చే జవాబే అది. క్లోజప్ ఎప్పుడూ గెలుస్తుంది. పదిమంది ఉన్న ఫోటోలో ఎవరో ఒకరు కళ్లు మూసుకునో, పక్కకి చూస్తూనో ఉంటారు కాబట్టి అది ఓడిపోతుంది.

అందుకే ఫోటోలు తెరవకముందే పేర్లు రాయమంటాను. రెండు కుటుంబాల నుంచీ, ఆల్బమ్‌లో కనీసం ఒక్కసారి ముఖం స్పష్టంగా కనిపించి తీరాల్సిన వాళ్ల పేర్లు. పెద్దవాళ్ల సాయం తీసుకోవాల్సింది ఇక్కడే. అమ్మానాన్నల్ని ఫోటోలు ఎంచమంటే గొడవ మొదలవుతుంది. "ఎవరు లేకపోతే బాధపడతారు?" అని మాత్రం అడిగితే మీకు తట్టని నాలుగు పేర్లు చెప్తారు. మామూలుగా ఒక్కో వైపు ఇరవై, పాతిక మంది అవుతారు. ఈ లిస్టు కాగితం మీదే ఉండాలి. ఫోటోలు చూస్తూ రాస్తే, ఫోటోల్లో బాగా పడ్డవాళ్లే గుర్తొస్తారు.

ఆ తర్వాత ఫోటోల్ని ఘట్టాలవారీగా విడదీయాలి. స్నాతకం, గౌరీపూజ, బుట్టలో మేనమామలు తీసుకురావడం, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు, రిసెప్షన్... ఇలా దేని కుప్ప దానిదే. 12 అంగుళాల ఎత్తు, విప్పితే 36 అంగుళాల వెడల్పు వచ్చే ఆల్బమ్‌లో 36 షీట్లు ఉన్నాయనుకోండి. షీటుకి అయిదు చొప్పున 180 ఫోటోలు. జీలకర్ర బెల్లానికి రెండు షీట్లు, తలంబ్రాలకి రెండు, అప్పగింతలకి ఒకటి అని ముందే పంచేసుకోవాలి. అప్పుడు పోటీ ఆ కుప్ప లోపలే జరుగుతుంది. తలంబ్రాల ఫోటో అప్పగింతల ఫోటోతో తలపడాల్సిన పని లేదు.

ఇక ఒక కుప్పలో ర్యాంకు ఎలా ఇవ్వాలి? ఈ మధ్య చేసిన ఒక ఆల్బమ్ సంగతి చెప్తాను. అమ్మాయిది తెనాలి, అబ్బాయిది ఖమ్మం. తలంబ్రాల కుప్పలో 38 ఫోటోలు. కన్ను, ముక్కు వణికినట్టు బ్లర్ అయినవి, పురోహితుడి చెయ్యో వీడియో కెమెరానో ముఖాలకి అడ్డొచ్చినవి ముందే తీసేశాం. ఒకే క్షణంలో వరసగా తీసినవాటిలోంచి ఒక్కోటి ఉంచాం. తొమ్మిది మిగిలాయి. ఈ పని ఫోన్‌లో చెయ్యొచ్చు. కానీ వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన కాపీల మీద కాదు. వాటిలో సైజు తగ్గిపోయి ఉంటుంది, ఏది షార్పో తెలీదు. అసలు ఫైల్ తెరిచి, కళ్ల దగ్గర జూమ్ చేసి చూడాలి.

మిగిలిన తొమ్మిదికీ నేను మూడు ప్రశ్నలు వేస్తాను. మొదటిది, ముఖంలో ఆ క్షణం ఉందా? రెండోది, లిస్టులో వాళ్లు ఎవరు కనిపిస్తున్నారు? మూడోది, ఫ్రేమ్ ఎలా కుదిరింది? ఈ వరుసకి కారణముంది. ఫ్రేమ్‌లో తప్పుల్ని చాలావరకు సరిచేయొచ్చు. వంకరగా ఉంటే తిప్పొచ్చు, అంచున లైట్ స్టాండ్ ఉంటే కత్తిరించొచ్చు, చీకటిగా ఉంటే కొంత వెలుగు పెంచొచ్చు. లేని నవ్వుని తెప్పించలేం. ఫోటోలో లేని బాబాయినీ తేలేం. కాబట్టి సరిచేయలేనివాటికి ముందు మార్కులు వెయ్యాలి.

కళ్లు మూసుకున్న ఫోటోని వెంటనే తీసెయ్యకండి. కళ్లు ఎందుకు మూసుకుపోయాయన్నది చూడాలి. రెప్పపాటులో దొరికిపోయిన ముఖం నిద్రమత్తులో ఉన్నట్టుంటుంది. నవ్వు పట్టలేక మూసుకున్న కళ్లు వేరు. జీలకర్ర బెల్లం వేళ వాలిన చూపు కూడా అంతే, ఆ ఘట్టానికి అదే అందం. పెదాలు, బుగ్గలు చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఆ తొమ్మిదిలో మొదటి ర్యాంకు తేలిగ్గానే తేలింది. అమ్మాయి రెండు చేతులా తలంబ్రాలు పోస్తోంది, బియ్యం గాల్లో ఉంది, అబ్బాయి కళ్లు మూసుకుపోయేలా నవ్వుతున్నాడు. రెండు, మూడు ర్యాంకులు కూడా ఇద్దరే ఉన్న దగ్గరి ఫోటోలు. నాలుగోది వెడల్పు లెన్సుతో మండపం వెనక వైపు నుంచి తీసింది. అమ్మాయి చెయ్యి అడ్డొచ్చి అబ్బాయి ముఖం సగమే కనబడుతోంది. కానీ కింద మొదటి వరుసలో, కుర్చీలో కూర్చున్న అబ్బాయి వాళ్ల తాతయ్య తొడ మీద చెయ్యి వేసుకుని పగలబడి నవ్వుతున్నారు. ఆ ముఖం స్పష్టంగా వచ్చింది. ఆ షీట్లో ఇక మూడు ఫోటోలకే చోటుంది. జంట మొదటి మూడూ తీసుకున్నారు.

అన్ని కుప్పలూ పూర్తయ్యాక పేర్ల లిస్టు మళ్లీ ముందు పెట్టుకుని, ఎంచిన ఫోటోల్లో కనిపించిన వాళ్లకి టిక్కు కొట్టుకుంటూ వచ్చాం. ముగ్గురు మిగిలిపోయారు. అమ్మాయి పిన్ని, అబ్బాయి పెద్దమ్మ, ఈ తాతయ్య. ఇలా మిగిలేవాళ్లు ఊరికే మిగలరు. పిన్ని పెళ్లంతా విడిది గది తాళాలు పట్టుకుని తిరిగింది. తాతయ్యకి మోకాళ్ల నొప్పులు, స్టేజీ మెట్లు ఎక్కలేదు. అందుకే అక్షింతలు వేసేవాళ్ల వరసలో గానీ రిసెప్షన్ గ్రూప్ ఫోటోల్లో గానీ ఆయన లేరు. పెళ్లిలో ఎక్కువ పనిచేసినవాళ్లూ, అసలు కదల్లేనివాళ్లూ స్టేజీ మీది ఫోటోల్లో పడరు. లిస్టు లేకపోతే ఈ సంగతి ఆల్బమ్ ఇంటికొచ్చాక, వాళ్లే పేజీలు తిప్పుతున్నప్పుడు తెలుస్తుంది.

తాతయ్య కోసం మొత్తం ఫోల్డర్ వెతికాం. నాలుగు దొరికాయి. ఒకదాంట్లో నిద్రపోతున్నారు. ఒకదాంట్లో ఎవరిదో భుజం అడ్డు. ఒకటి భోజనాల దగ్గర, నోట్లో ముద్ద. మిగిలింది తలంబ్రాలదే. అబ్బాయికి నచ్చలేదు.

"నా పెళ్లి ఫోటోలో నా ముఖమే సగం ఉంటే ఎలా అన్నా?" అన్నాడు.

"ఆ షీట్లోనే నీ ముఖం నిండుగా ఉన్నవి ఇంకో రెండు ఉంటాయిగా" అన్నాను.

అమ్మాయి అప్పటిదాకా మాట్లాడలేదు. మూడో ఫోటో, మొదటి ఫోటో పక్కపక్కన పెట్టి చూసింది. "ఈ రెండిట్లో తేడా ఏముంది? మూడోది తీసేద్దాం" అంది.

ఆమె చెప్పినదే మార్చుకోవడంలో నేను పాటించే పద్ధతి. చోటు కోసం ఫోటో తీసెయ్యాల్సి వచ్చినప్పుడు అన్నిటికన్నా తక్కువ మార్కులు వచ్చినదాన్ని తీసెయ్యకూడదు. తను చెప్పే మాటని ఇంకో ఫోటో కూడా చెప్తుంటే దాన్ని తీసెయ్యాలి. మూడో ర్యాంకు ఫోటో అందంగానే ఉంది. కానీ అది పోతే ఆల్బమ్‌లో తగ్గేదేమీ లేదు. నాలుగోది పోతే ఒక మనిషి పోతాడు. పిన్ని ఫోటో కూడా ఇలాగే అప్పగింతల కుప్పలోంచి వచ్చింది. పెద్దమ్మ మాత్రం ఒక గ్రూప్ ఫోటోలో చివర్లో దొరికింది. అక్కడ అబ్బాయి ముఖకవళిక కాస్త బిగుసుకుపోయినట్టున్నా దాన్నే ఉంచాం. గ్రూప్ ఫోటోకి ప్రశ్నల వరుస మారుతుంది. ముందు అందరూ ఉన్నారా, ముఖాలు కనిపిస్తున్నాయా అన్నది. జంట నవ్వు ఆ తర్వాత.

ఫ్రేమ్ మొదటి ప్రశ్న అయ్యే చోటు ఒక్కటే ఉంది. షీటంతా పరుచుకునే పెద్ద ఫోటో. కెమెరా ఫోటో వెడల్పు, ఎత్తు 3:2 లెక్కలో ఉంటాయి. 36 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు అంటే 3:1. వెడల్పు మొత్తం ఉంచితే ఎత్తులో సరిగ్గా సగం కత్తిరించాల్సిందే. నిలువునా నిండిన ఫోటో ఎంత బాగున్నా ఇక్కడ పనికిరాదు, తలో కాళ్లో పోతాయి. పైన, కింద ఖాళీ ఉన్నదే కావాలి. ఇంకొకటి, షీటు సరిగ్గా నడిమికి మడత పడుతుంది. అక్కడ ఎవరి ముఖమూ ఉండకూడదు. ఫోన్‌లో ఆ ఫోటో మీద మధ్యలో చూపుడువేలు నిలువుగా పెట్టి చూడండి. వేలి కింద ముఖం దాక్కుంటే, ఆ ఫోటోని చిన్న సైజులో వాడుకోవాలి.

చివరిగా, ఇద్దరూ ఒకే ఫోన్ ముందు కూర్చుని ఎంచడం కన్నా విడివిడిగా మార్క్ చేసుకోవడం మేలు. కలిసి చూస్తే ఎవరు ముందు "బాగుంది" అంటే రెండోవాళ్లు సరే అనేస్తారు. విడిగా చేస్తే ఇద్దరికీ నచ్చినవి నేరుగా లోపలికి వెళ్తాయి, ఒక్కరికే నచ్చినవాటి మీద మాత్రం మాట్లాడుకుంటే చాలు. డిజైన్ అయ్యాక ప్రింటుకి వెళ్లేముందు, రెండు వైపుల నుంచీ ఒక్కో పెద్దమనిషికి పేజీలు చూపించి "ఎవరు లేరు?" అని ఒక్క మాట అడగండి. ఫోటో మార్చడానికి అప్పుడైతే కాసేపు పడుతుంది. ప్రింటయ్యాక అయితే షీటు మళ్లీ వేయించి, ఆల్బమ్ విప్పి మళ్లీ బైండింగ్ చేయించాలి.

తెనాలి అమ్మాయి ఆల్బమ్‌లో తాతయ్య 21వ షీట్లో ఉన్నారు, కుడివైపు కింద, అరచేతి కన్నా కాస్త పెద్ద సైజులో. పక్కనే మనవడి ముఖం నిండుగా ఉంది.