ఓడిన పిల్లవాడు ఎక్కడ కూర్చోవాలి?

గత ఏప్రిల్‌లో మా కుమార్తె కొడుక్కి ఆరేళ్లు నిండాయి. జన్మదినం జరుపుకోవడంపై ధర్మపండితుల మధ్య ఉన్న భేదాభిప్రాయాలు పాఠకులకు తెలిసినవే. ఆ చర్చ ఈ వ్యాసానికి సంబంధించినది కాదు. ఏ సందర్భంలోనైనా పన్నెండు మంది ఆరేళ్ల పిల్లలు ఒక ముంగిట చేరినప్పుడు వారిని ఎలా ఆడించాలన్నదే ఇక్కడి విషయం. "అబ్బా, మదరసాలో రోజూ నలభై మందిని చూస్తారు కదా, ఈ పన్నెండు మందిని గంటన్నర చూసుకోండి" అని మా అమ్మాయి ఆ బాధ్యత నాకు అప్పగించింది.

నాకు లోలోపల బెదురుగానే ఉంది. ఎందుకంటే అంతకు ముందు ఏడాది ఇదే ముంగిట ఎనిమిది మంది పిల్లలతో కుర్చీలాట ఆడించి భంగపడ్డాను. మొదట ఓడిన బాలుడు కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తర్వాత వెళ్లి కానుకల పొట్లాలు విప్పసాగాడు. రెండవవాడు అతన్ని అడ్డుకున్నాడు. మూడవ పాప ఏడుస్తూ తల్లి దగ్గరకు పోయింది. చివరికి ఆటలో ఇద్దరు మిగిలారు, తగవులో ఆరుగురు ఉన్నారు.

ఆ రోజు తప్పు పిల్లలది కాదు, నేను ఎంచుకున్న ఆటది. ఆరేళ్ల పిల్లలకు ఆట నియమం అర్థమవుతుంది గాని, ఓటమిని భరించే ఓర్పు ఇంకా కుదరదు. పైగా చేతికి పని లేకుండా ఐదు నిమిషాలు కూర్చోవడం వారికి శిక్షతో సమానం. ఓడినవారిని ముందుగా ఖాళీగా కూర్చోబెట్టే ఆట, ఓర్పు తక్కువైన పిల్లలకే ఎక్కువ ఖాళీ ఇస్తుంది. అందుకే ఈసారి ఒకే షరతు పెట్టుకున్నాను: ఏ ఆటలోనూ ఎవరూ బయటకు పోకూడదు.

సంచితో మొదలు

ఏప్రిల్ ఎండకు మా ప్రాంతంలో మధ్యాహ్నం నేల కాలుతుంది. కాబట్టి అస్ర్ నమాజు తర్వాత 5 గంటలకు రమ్మన్నాము. పిల్లలు ఒకేసారి రారు. ముందు వచ్చినవారు వేచి ఉండకుండా చాప పరచి, రంగు పెన్సిళ్లు ఉంచి, ఒక్కొక్కరికి ఒక కాగితపు సంచి ఇచ్చాను. ఎవరి సంచిపై వారు పేరు రాసుకోవాలి, బొమ్మ వేసుకోవాలి. ఆలస్యంగా వచ్చిన పిల్లలు కూడా ఇందులో సులువుగా కలిసిపోతారు. "ఇది నాది" అన్న వాదానికి ముందే జవాబు దొరుకుతుంది.

మనవడికి ప్రాణమైన రెండు బొమ్మలను, కానుకలను అంతకు ముందే లోపలి గదిలో పెట్టి తలుపు వేశాము. తన వస్తువులను పన్నెండు చేతుల్లో చూసి ఓర్చుకొమ్మని ఆరేళ్లవాణ్ణి అడగడం న్యాయం కాదు.

ఒక పరుగు, ఒక కూర్చోవడం

దైవప్రవక్త ముహమ్మద్ (స) తమ పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి) గారి పిల్లలను వరుసగా నిలబెట్టి, తమ వద్దకు ఎవరు ముందు చేరతారోనని పరుగెత్తించేవారని ముస్నద్ అహ్మద్‌లో ఒక ఉల్లేఖనం ఉంది. పిల్లలు వచ్చి ఆయన వీపుపైనా, రొమ్ముపైనా పడేవారు. ఆయన వారిని ముద్దాడి హత్తుకునేవారు. పందెం ఉంది గాని, దాని చివర ఎదురుచూస్తున్నది చాచిన చేతులు. నేనూ గేటు దగ్గర మోకాళ్లపై కూర్చుని అలాగే పరుగెత్తించాను. చివరగా చేరిన పాపను కూడా అలాగే అక్కున చేర్చుకున్నాను.

ఆ తర్వాత గొలుసాట. పట్టుబడిన పిల్లలు దొంగ చేయి పట్టుకుని, కలిసి మిగతావారిని పట్టాలి. గొలుసు నలుగురికి చేరగానే ఇద్దరిద్దరుగా విడదీయాలి. లేకుంటే చివరనున్నవారు విసురుకు కింద పడతారు. పది నిమిషాలకు కేకల స్థాయి పెరిగింది, ఒకడు మరొకడి చొక్కా లాగాడు. ఇదే గుర్తు. గొంతు కీచుమన్నప్పుడు, దిక్కు లేకుండా పరుగులు మొదలైనప్పుడు తగవు రెండు నిమిషాల దూరంలో ఉందని తెలుసుకోవాలి. ఆట బాగుంది కదా అని పొడిగించకూడదు.

వెంటనే అందరికీ నీళ్లు తాగించి, గుండ్రంగా కూర్చోబెట్టి "ఎగిరేవి–ఎగరనివి" ఆడించాను. కాకి అంటే చేతులెత్తాలి, మేక అంటే దించాలి. పొరపడినవారు బయటకు పోరు. తర్వాతి పేరు చెప్పే వంతు వారిది. పొరపాటుకు పదవి దొరకడంతో పిల్లలు నవ్వుకున్నారు.

చెనిక్కాయల వేట

మా జిల్లా పంటనే ఆటగా మార్చాము. ఇంటి పనికి తెచ్చిన ఇసుక కుప్పలో రాళ్లు, గాజు పెంకులు లేకుండా చూసి, 150 చెనిక్కాయలు పూడ్చాము. ఒక్కొక్కరు తమ సంచిలో పది వేసుకోవాలి. పది నిండినవారు నిండనివారికి వెతికిపెట్టాలి. పన్నెండు సంచులూ నిండితేనే ఆట ముగిసినట్టు. లెక్కకు 120 చాలు, మిగతా ముప్పై ఉండటం వల్ల చివరి పిల్లలు నిరాశపడరు. చెనిక్కాయలు పడని పిల్లలున్నారేమో తల్లులను ముందే అడగాలి. అలాంటివారు ఉంటే వాటి బదులు చింతపిక్కలు పూడ్చవచ్చు. వెంట వచ్చిన పసివారికి మాత్రం గింజలు ఇవ్వకూడదు, గొంతులో అడ్డుపడతాయి. వారిని పక్కన కూర్చోబెట్టి బొరుగులు ఇచ్చాము.

తగవు ఇక్కడే వచ్చింది. ఒక బాలుడు మరొకడి సంచిని లాగగా అది చిరిగింది. రెండవవాడు అతన్ని నెట్టాడు. నేను ఇద్దరి మధ్య కూర్చుని, చిరిగిన సంచిని నా చేతిలోకి తీసుకున్నాను. "ఎవరు మొదలుపెట్టారు?" అని అడగలేదు. ఆ ప్రశ్నకు ఇద్దరి జవాబూ "వాడే" అని ఉంటుంది. "ఏం జరిగింది?" అని ఒకరి తర్వాత ఒకరిని అడిగి, ఎవరు చెప్పింది వారికి తిరిగి చెప్పాను. అప్పుడు తెలిసింది: మొదటివాడు ఆలస్యంగా వచ్చాడు. పది నిండినవారు ఇతరులకు సాయం చేయాలన్న నియమం వినలేదు. తన దగ్గర తవ్వుతున్న స్నేహితుణ్ణి దొంగ అనుకున్నాడు. లోపం నాది, నియమాన్ని మళ్లీ చెప్పవలసింది.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాను. కాసేపు మౌనం. "నా సంచిలో ఇద్దరివీ వేద్దాం" అన్నాడు లాగినవాడు. క్షమాపణ చెప్పమని నేను బలవంతం చేయలేదు, వాడే చెప్పకనే చెప్పాడు. ఇలా ప్రతిసారీ జరగదు. ఒకే పిల్లవాడు రెండవసారి చేయి చేసుకుంటే మాటలు చాలవు. అలాంటప్పుడు అతన్ని దూరంగా నిలబెట్టక, పక్కన ఉంచుకుని గ్లాసులు అందించే పని ఇవ్వాలి. నలుగురైదుగురు పిల్లలకు ఒక పెద్ద మనిషి ఉంటేనే ఇది సాధ్యం. ఆ రోజు మేము ముగ్గురం ఉన్నాము.

చిన్నదయ్యే చాప

చివరికి కుర్చీలాటనే తిరగేశాను. చప్పట్లు కొడుతుండగా పిల్లలు చాప చుట్టూ తిరగాలి, చప్పట్లు ఆగగానే అందరూ చాపపైకి చేరాలి. ప్రతిసారీ చాపను ఒక మడత వేస్తాము. తగ్గేది చాపే, పిల్లలు కాదు. మూడవ మడతకు పన్నెండు మందీ ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. సంచి చించినవాడు చించబడినవాణ్ణి నడుము దగ్గర పట్టుకుని ఉన్నాడు.

చీకటి పడే వేళ పిల్లలను ఇంటి లోపల ఉంచమని దైవప్రవక్త (స) ఆదేశించారు. మగ్రిబ్ అజాన్‌కు ముందే పిల్లలు లోపల కూర్చుని బొరుగులు తిని మజ్జిగ తాగారు. వెళ్లేటప్పుడు ప్రతి ఒక్కరి చేతిలో ఒకే రకమైన కానుక ఉంది: వారే గీసిన సంచి, అందులో పది చెనిక్కాయలు. ఇద్దరు మాత్రం ఒకే సంచిని చెరొక చివర పట్టుకుని, ఇరవై కాయలను గుమ్మం దగ్గర కూర్చుని లెక్కపెట్టి పంచుకుని వెళ్లారు.