ల్యాప్‌టాప్ మూసే ముందు 15 నిమిషాలు: రేపటి మొదటి మూడు పనులు ఈరోజే రాసేద్దాం

రాజమండ్రిలో ఇంటి నుంచే కోడ్ రాసే నాలాంటి వాళ్లకి ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే దారి అంటూ ఉండదు. ఆరున్నరకి మూత వేస్తే ఆఫీసు అయిపోయినట్టే, కానీ సగంలో ఆగిన పనులు అన్నం తినేటప్పుడు కూడా బుర్రలో తిరుగుతుంటాయి.

వాటిని ఆపడానికి అన్నీ పూర్తి చేయక్కర్లేదు. 2011లో మసికాంపో, బామైస్టర్ అనే మనస్తత్వ పరిశోధకులు చూపించింది ఇదే: మిగిలిన పనిని ఎప్పుడు, ఎలా చేస్తామో స్పష్టంగా ప్లాన్ రాసుకుంటే, పని అవ్వకపోయినా దాని ఆలోచనలు మిగతా వాటికి అడ్డు రావడం తగ్గింది. కాల్ న్యూపోర్ట్ తన ‘డీప్ వర్క్’ పుస్తకంలో చెప్పిన షట్‌డౌన్ అలవాటు వెనక ఉన్నది కూడా ఈ సూత్రమే.

ఒక సాయంత్రాన్నే తీసుకుందాం. నా దగ్గర మూడు మిగిలాయి: ఫెయిల్ అవుతున్న ఓటీపీ టెస్ట్, రివ్యూ చేయాల్సిన కొలీగ్ కోడ్, జవాబివ్వని ఒక మెసేజ్. ముందు కోడ్:

```
git add -A
git commit -m "WIP: OtpRetryTest fails, check timeout first"
git push
```

ఇది నా సొంత బ్రాంచ్‌లోనే, మెయిన్‌లో కాదు. `git stash` కూడా ఉంది గానీ, అది నా ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోతుంది, వారం తర్వాత అందులో ఏముందో గుర్తుండదు. మెసేజ్ పంపినవాళ్లకి "రేపు 12 లోపు చెప్తాను" అని ఒక్క లైన్ పెడితే చాలు, ఎదురుచూపు రెండు వైపులా తగ్గుతుంది.

ఇప్పుడు గూగుల్ టాస్క్స్‌లో రేపటి తేదీ వేసి మూడే మూడు రాస్తాను. "ఓటీపీ బగ్" అని రాస్తే పొద్దున్నే మళ్లీ మొదటి నుంచి ఆలోచించాలి. అందుకే ఇలా: "`OtpRetryTest` ఒక్కటే రన్ చేసి, టైమౌట్ వాల్యూ లాగ్‌లో చూడాలి", "11 గంటల స్టాండప్ లోపు రివ్యూ", "12 లోపు ఆ మెసేజ్‌కి జవాబు". ప్రతి లైన్లో చేతులు చేసే మొదటి పని ఉండాలన్నమాట. నాలుగోది గుర్తొస్తే వేరే లిస్టులో పడేస్తాను.

చివరగా ఫోన్. కంపెనీ వర్క్ ప్రొఫైల్ ఇచ్చిన ఆండ్రాయిడ్‌లో క్విక్ సెట్టింగ్స్ నుంచే వర్క్ యాప్స్ ఆపేయొచ్చు, నోటిఫికేషన్లు రావు. ఆన్‌కాల్ డ్యూటీ ఉన్న వారం మాత్రం దీని జోలికి వెళ్లొద్దు!

పదిహేను నిమిషాలు దాటుతోందంటే మీరు పనులు సర్దట్లేదు, చేసేస్తున్నారు. ఒకే లైన్ మూడు రోజులు వరసగా రేపటికి జరుగుతుంటే అది ఒక పని కాదు, పనుల మూట. విడగొట్టి, పావుగంటలో అయ్యే మొదటి ముక్కనే లిస్టులో ఉంచండి.