ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే

పొద్దున లేచేసరికి ఒక చెవి దిబ్బడ వేసినట్టుంది, లోపల ఒకటే హోరు. ఆ చెవికి ఫోన్ పెడితే మాట అందడం లేదు. గులిమి అనుకుని చుక్కలమందు వేసుకుంటూ చాలామంది వారం గడిపేస్తారు. పోగొట్టుకోకూడనిది ఆ వారమే.

నోరు మూసి ‘మ్‌మ్’ అనండి. శబ్దం దిబ్బడేసిన చెవిలోనే గట్టిగా వినిపిస్తే గులిమి కావచ్చు. బాగున్న చెవివైపు వినిపిస్తే లోచెవి, దాని నరం దెబ్బతిన్నాయేమోనని అనుమానించాలి. ఇది సూచన మాత్రమే. ఎటు వినిపించినా వెంటనే ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఆడియోమెట్రీ చేయించుకోవాలి.

నరం లోపమని తేలితే సాధారణంగా స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు. 2 వారాల లోపు, వీలైతే తొలి రోజుల్లోనే మొదలుపెట్టాలి. మాత్రలతో షుగర్ పెరుగుతుంది కాబట్టి మధుమేహులకు కర్ణభేరి గుండా మధ్యచెవిలోకి ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. వినికిడి తిరిగొచ్చినా కొందరికి హోరు మిగిలిపోతుంది.