మెడికల్ వార్డు నిండింది, పక్క వార్డులో పది బెడ్లు ఖాళీ

క్యాజువాలిటీలో మా సిబ్బంది “బెడ్లు ఖాళీ లేవు” అంటే రోగి బంధువులు నమ్మరు. నమ్మకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. వచ్చే దారిలో సర్జికల్ వార్డు తలుపులోంచి దుప్పటి పరిచిన ఖాళీ మంచాలు వాళ్లకు కనిపించే ఉంటాయి. సిఫార్సు ఉన్నవాళ్ల కోసం అట్టిపెట్టుకున్నారని అనుకుంటారు. చాలాసార్లు జరిగేది అంతకంటే చప్పటి సంగతి. ఆసుపత్రి కట్టినప్పుడు బెడ్లను వార్డులకు చెరిసగం పంచేసి ఉంటారు. ఆ తర్వాత వచ్చే జబ్బులు మారాయి, వైద్యం మారింది, పంపకం మాత్రం మారలేదు. ఆసుపత్రి నిర్వాహకుడిగా నా పనిలో పెద్ద భాగం ఈ పంపకం గొడవే.

లెక్క కోసం ఒక చిన్న ఆసుపత్రిని ఊహించుకుందాం. మెడికల్‌కు 30 బెడ్లు, సర్జికల్‌కు 30. మెడికల్‌కు రోజుకు సగటున ఏడుగురు వస్తారు, సర్జికల్‌కు ఐదుగురు. ఎవరైనా సగటున నాలుగు రోజులు ఉంటారు. ఏడును నాలుగుతో హెచ్చిస్తే 28 బెడ్లు, ఐదును నాలుగుతో హెచ్చిస్తే 20. రెండూ 30కి లోపే కదా, ఇక ఇబ్బందేమిటి అనిపిస్తుంది. ఇబ్బంది సగటులో ఉంది. జ్వరాలు రోజుకు ఏడు చొప్పున లెక్కపెట్టుకుని రావు. ఒకరోజు మూడు వస్తాయి, మర్నాడు పన్నెండు. మూడు వచ్చిన రోజు ఖాళీగా ఉన్న బెడ్డును పన్నెండు వచ్చిన రోజుకు దాచిపెట్టుకోలేం.

ఇలాంటి చిక్కుకు లెక్క కట్టినవాడు వైద్యుడు కాదు. డెన్మార్క్‌లో టెలిఫోన్ కంపెనీ ఇంజనీరు ఎర్లాంగ్. ఇన్ని లైన్లుంటే ఎన్ని కాల్స్‌కు లైను దొరకదో చెప్పే సూత్రాన్ని 1917లో ప్రచురించాడు. లైను స్థానంలో బెడ్డును, కాల్ స్థానంలో రోగిని పెడితే అదే సూత్రం మాకూ పనికొస్తుంది. మన ఊహా ఆసుపత్రికి వర్తింపజేస్తే, మెడికల్‌కు వచ్చేవాళ్లలో దాదాపు పదిశాతం మందికి బెడ్డు దొరకదు, అంటే నెలకు 21 మందికి. సర్జికల్‌లో బెడ్డు దొరకనివాళ్లు నెలకు ఒక్కరు. నాలుగు బెడ్లను ఇటు మార్చి 34, 26 చేస్తే మెడికల్‌లో 21 కాస్తా తొమ్మిదవుతుంది, సర్జికల్‌లో ఒకటి ఐదారవుతుంది. మొత్తం 22 నుంచి 14, 15కి దిగుతుంది. ఒక్క మంచం కూడా కొనలేదు.

ఇక్కడ సర్జరీ విభాగాధిపతి ఊరుకోరు. “మా దగ్గర ఒక్కరికి దొరకనిచోట ఇప్పుడు ఆరుగురికి దొరకదంటున్నారు, ఇదేం న్యాయం?” అని నిలదీస్తారు. అడగాల్సిన ప్రశ్నే. ముందుగా తేదీ ఇచ్చిన ఆపరేషన్‌ను రెండు రోజులు జరపవచ్చు, న్యుమోనియాను జరపలేం అన్నది నా వాదన. అయితే రాత్రి నుంచి పస్తున్న రోగిని పొద్దున్నే వెనక్కి పంపడం ఎంత కష్టమో కూడా చూశాను. ఆ విలువ నిర్ణయం మనుషులు కూర్చుని చేసుకోవాలి. సూత్రం చేసిపెట్టదు.

రెండు వార్డులూ కలిపేసి 60 బెడ్లూ అందరివీ అనుకుంటే బెడ్డు దొరకనివాళ్లు నెలకు ఐదుగురికి పడిపోతారు. కాగితం మీద అంతకన్నా మంచి పంపకం లేదు. కానీ మోకీలు మార్పిడి చేయించుకున్న మనిషి పక్కన ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ ఉన్న రోగిని పడుకోబెట్టలేం. ఆడవాళ్లకు వేరే గది కావాలి. ఆక్సిజన్ పాయింటు ప్రతి మంచానికీ ఉండదు. డ్రెయిన్ చూసుకునే నర్సుకూ గుండె జబ్బు రోగిని కనిపెట్టుకునే నర్సుకూ అలవాటైన పని వేరు. అందుకే మధ్యేమార్గంగా, రెండు వార్డుల నడుమ నాలుగైదు బెడ్లను ఎటైనా వాడుకునేలా ఉంచి, రెండు పనులూ వచ్చిన నర్సులను అక్కడ వేయడం మేలు.

ఇంతవరకూ రోజుకు ఏడుగురు వస్తారని ధీమాగా రాశాను. అసలు ఆ ఏడు ఎక్కడి నుంచి వచ్చింది? అడ్మిషన్ రిజిస్టరులోంచి తీస్తే ఏడు రాదు. బెడ్డు దొరక్క వెళ్లిపోయినవాళ్ల పేర్లు అందులో ఉండవు గనక ఆరు చిల్లర వస్తుంది. దాన్ని నాలుగుతో హెచ్చిస్తే 25 బెడ్లు. అంటే 30 బెడ్ల వార్డు 84 శాతం నిండిందని నివేదిక వస్తుంది. 85 శాతం దాటితే కష్టాలు మొదలవుతాయని 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం తర్వాత ఆ అంకె ఆసుపత్రి పాలకుల నోట నానింది. 84 అనగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నెలకు 21 మంది వెనక్కి వెళ్తున్న సంగతి ఆ నివేదికలో ఎక్కడా కనపడదు. కనక నాకు అన్నిటికన్నా ముందు కావలసింది, బెడ్డు అడిగిన ప్రతి మనిషి పేరూ, అడిగిన టైమూ, దొరికిందా లేదా అన్నదీ రాసే పుస్తకం. అది చాలా చోట్ల లేదు.

రెండో మోసం వార్డు పేరులో ఉంది. మెడికల్‌లో చోటు లేక డెంగీ రోగిని సర్జికల్‌లో పడుకోబెడితే, కంప్యూటరు అతన్ని సర్జికల్ రోగిగా లెక్కేస్తుంది. ఏడాది తర్వాత ఆ లెక్కలు తీసి చూస్తే సర్జికల్ కూడా బాగానే నిండుతోంది, అక్కడి బెడ్లు తీయనక్కర్లేదు అనిపిస్తుంది. రోగి ఎక్కడ ఉన్నాడన్న దానితోపాటు ఎక్కడ ఉండాల్సిందో కూడా రాసుకుంటేనే ఈ చిక్కు విడిపోతుంది. ఏడాది సగటు మీద ఆధారపడకూడదన్నది కూడా ఇందుకే. వానాకాలం జ్వరాలనూ మార్చి నెలనూ కలిపి సగటు తీస్తే అది ఏ నెలకూ సరిపోదు.

మూడోది డిశ్చార్జి. అర్ధరాత్రి పన్నెండింటికి తీసే బెడ్ల లెక్క పగటి రద్దీని చూపించదు. పొద్దున పదింటికి రౌండ్స్‌లో డాక్టరు “ఇంటికి వెళ్లొచ్చు” అంటారు. డిశ్చార్జి సమ్మరీ టైపు కావాలి, మిగిలిన మందులు ఫార్మసీకి తిరిగి వెళ్లాలి, బిల్లు తేలాలి, బీమా కంపెనీ నుంచి అనుమతి రావాలి. రోగి వెళ్లేసరికి సాయంత్రం నాలుగు. మన ఆసుపత్రిలో రోజుకు వెళ్లే పన్నెండు మందీ తలా ఆరు గంటలు ఇలా ఆగితే 72 గంటలు, అంటే మూడు బెడ్లు రోజంతా జబ్బు లేని మనుషులతో నిండి ఉన్నట్టు. డాక్టరు చెప్పిన టైము, బిల్లు తేలిన టైము, రోగి గది దాటిన టైము, మంచం శుభ్రం చేసిన టైము విడివిడిగా రాస్తేనే ఆలస్యం ఫార్మసీలోనా, బిల్లింగులోనా, హౌస్‌కీపింగులోనా తెలుస్తుంది. చాలా సాఫ్ట్‌వేర్లలో ఇవన్నీ ‘డిశ్చార్జి’ అనే ఒకే గడిలో కూరుకుపోతాయి. నా అనుభవంలో, వార్డుల మధ్య బెడ్లు మార్చే ముందే ఈ మూడు బెడ్లను రాబట్టుకోవాలి. దీనికి ఏ విభాగాధిపతితోనూ తగవు పడనక్కర్లేదు.

ఈ ఆలస్యంలో కొంత రోగి వైపు నుంచీ వస్తుంది. కారు సాయంత్రానికి గానీ రాదంటారు, అమావాస్య పూట ఇంటికి తీసుకెళ్లమంటారు. మీవాళ్లెవరైనా ఆసుపత్రిలో ఉంటే ముందురోజు సాయంత్రమే నర్సును “రేపు పంపిస్తారా?” అని అడగండి. ఔనంటే బీమా కాగితాలు ఆ రాత్రే ఇచ్చేసి, బండిని పదకొండింటికల్లా పిలిపించుకోండి.