ఐబ్రోస్ చేయని స్టూడియో

హైదరాబాద్‌లో నిజాంపేట, ప్రగతినగర్ వైపు ఏ అపార్ట్‌మెంట్ల సందులోకి వెళ్ళినా కిరాణా కొట్టు, మెడికల్ షాపు, టైలరు, ఆ పక్కనే ఒక లేడీస్ బ్యూటీ పార్లర్ కనిపిస్తాయి. తలుపుకి కర్టెన్, లోపల రెండు కుర్చీలు, ఒక మంచం, గోడ నిండా అద్దం. ఆదివారం పొద్దున్నే నలుగురు వరసగా కూర్చుని ఉంటారు. ఐదో ఆవిడ చెప్పులు విప్పకుండానే తల లోపలికి పెట్టి, "అక్కా, ఐబ్రోస్ ఒక్కటే, ఫంక్షన్‌కి లేటవుతోంది" అంటుంది. దారం పళ్ళ మధ్య బిగించి ఉంది కాబట్టి ఆ అక్క మాట్లాడలేదు, కళ్ళతోనే కూర్చోమంటుంది.

ఇప్పుడు అదే సందులో కొత్త కాంప్లెక్స్ మొదటి అంతస్తులో ఒకావిడ ఖరీదైన స్టూడియో తెరుస్తోందనుకుందాం. మూడు గదులు, మసక దీపాలు, ఏసీ, తెల్లటి తువ్వాళ్ళు. లోపలంతా స్పా పద్ధతే అయినా బోర్డు మీద మాత్రం ఆ మాట లేదు. మసాజ్ సెంటర్ల మీద పోలీసు దాడుల వార్తలు చదివిన కుటుంబాలు ఆ మాట చూస్తే మెట్లెక్కడానికి జంకుతాయని ఆవిడకి తెలుసు. 'ఓన్లీ లేడీస్' అని మాత్రం పెద్దక్షరాల్లో రాయించింది. అక్కడిదాకా తెలివైన పనే. తర్వాత చాలామంది చేసేదే ఆవిడా చేస్తుంది. కింది పార్లర్ రేట్ల పట్టిక తెప్పించుకుని, అవే పేర్లు రాసి, ఒక్కోదానికి రెట్టింపు ధర వేస్తుంది. ఐబ్రోస్ అక్కడ 50, ఇక్కడ 100. దెబ్బతినడం ఇక్కడే మొదలవుతుంది.

పార్లర్ లెక్క ముందు చూడాలి. అద్దె 15 వేలు, సాయం చేసే అమ్మాయికి 10 వేలు, కరెంటూ చిల్లరా కలిపి 5 వేలు, మొత్తం 30 వేలు అనుకోండి. యజమానురాలు తనే పని చేస్తుంది కాబట్టి తన జీతం లెక్కలో లేదు. ఐబ్రోస్‌కి ఐదారు నిమిషాలు చాలు, దారం తప్ప ఖర్చు లేదు. రోజుకి ఇరవై మంది వస్తే వెయ్యి రూపాయలు, నెలకి 26 రోజులకి 26 వేలు. అంటే ఒక్క దారంతోనే నెల ఖర్చు దాదాపు వచ్చేస్తోంది. వాక్సింగ్, ఫేషియల్, పెళ్ళికూతురి మేకప్పుల మీద వచ్చేదే మిగులు. పైగా కనుబొమలు మూడు వారాలకోసారి మళ్ళీ పెరుగుతాయి, మనిషి మళ్ళీ వస్తుంది. వచ్చినప్పుడల్లా "బ్లీచ్ కూడా చేసెయ్యనా?" అన్న ప్రశ్న ఉండనే ఉంటుంది. వరలక్ష్మీ వ్రతం ముందురోజు ఆ గదిలో కాలు పెట్టే సందుండదు, ఆ తోపులాటే ఆవిడకి లాభం.

స్టూడియో లెక్క వేరు. అద్దె 60 వేలు, అనుభవమున్న బ్యూటీషియన్లు ఇద్దరికి 50 వేలు, ఆయాకి 14 వేలు, కరెంటు 15 వేలు, తువ్వాళ్ళ లాండ్రీ 10 వేలు. గదుల అలంకరణకి పెట్టిన 15 లక్షలు ఐదేళ్ళలో రాబట్టుకోవాలంటే నెలకి 25 వేలు. చిల్లర కలిపితే 1,80,000. అమ్మడానికి ఆవిడ దగ్గరున్న సరుకు ఇద్దరమ్మాయిల చేతుల్లో ఉన్న గంటలే. రోజుకి ఎనిమిదేసి చొప్పున నెలకి 416. మంగళ, బుధవారాలు పొద్దున పూట ఎవరూ రారు కాబట్టి అందులో 250 గంటలు అమ్ముడుపోతే మంచి నెల. 1,80,000ని 250తో భాగిస్తే 720. ఏ గదిలో ఏ పని జరిగినా గంటకి ముందు 720 రూపాయలు వస్తేనే ఆ గంట ఖర్చు తీరినట్టు. క్రీములూ మాస్కులూ దానికి అదనం.

ఈ కొలతతో వంద రూపాయల ఐబ్రోస్‌ని చూడండి. పలకరించడం, కూర్చోబెట్టడం, చేయడం, బిల్లు, అన్నీ కలిపి పదిహేను నిమిషాలు. గంటకి నలుగురొచ్చినా 400. పార్లర్‌ని నిలబెట్టే పని స్టూడియోలో నష్టం. ఇంకో నష్టం లెక్కకి అందదు. ఐబ్రోస్ వాళ్ళు చెప్పి రారు, బెల్లు కొడతారు, "ఎంతసేపు?" అని గట్టిగా అడుగుతారు. లోపల గదిలో ముఖానికి మాస్కు వేయించుకుని కళ్ళు మూసుకున్న మనిషి ఆ నిశ్శబ్దానికే డబ్బు కట్టింది.

75 నిమిషాల ఫేషియల్ తీసుకుంటే, గది సర్దడానికి మరో పావుగంట కలిపి గంటన్నర, అంటే 1,080. క్రీములూ మాస్కూ 350. మొత్తం 1,430. రెండు వేలు ధర పెడితే 570 మిగులుతుంది. ఇది నిలబడే ధర. కింద 700కి ఫేషియల్ దొరుకుతుంటే పైన రెండు వేలు ఎవరిస్తారని అడగొచ్చు. 700 ఫేషియల్‌కి వెళ్ళే మనిషి ఇవ్వదు. ఆవిడని పిలవడమే పొరపాటు. సెలవు రోజు రెండు గంటలు పిల్లలూ ఫోనూ లేకుండా పడుకుంటే చాలనుకునే ఉద్యోగిని ఇస్తుంది. కాన్పయ్యాక మొదటిసారి బయటికొచ్చిన అమ్మాయి ఇస్తుంది. అమెరికా నుంచి మూడు వారాల సెలవుపై వచ్చిన కోడలు ఇస్తుంది. ఇంతకాలం వీళ్ళు కింది పార్లర్‌కి ఐబ్రోస్‌కి తప్ప వెళ్ళలేదు, అంటే స్టూడియో ఆవిడ పార్లర్ గిరాకీని లాక్కోవడం లేదు. కాబట్టి నా లెక్కలో స్టూడియో మెనూ నుంచి ఐబ్రోస్ మొత్తంగా తీసేయాలి. ఫేషియల్‌కి వచ్చినవాళ్ళకి కావాలంటే ఉచితంగా చేయొచ్చు. విడిగా అడిగినవాళ్ళకి కింది పార్లర్ చూపిస్తే చాలు, పోయేదేమీ లేదు.

ధర మూడింతలైనప్పుడు తేడా కంటికి కనపడాలి. ఇక్కడ యజమానులు ఎక్కువగా మోసపోయేది ఆర్భాటం దగ్గర. నీలం లైటుతో మెరిసే యూవీ పెట్టె చాలాచోట్ల కౌంటరు మీదే ఉంటుంది. ఆ వెలుగు తగిలిన పైభాగానికే పని చేస్తుంది, కత్తెర సందులోనూ క్యూటికిల్ నిప్పర్ మడతలోనూ ఉన్న మురికిని అదేమీ చేయలేదు. కడిగి శుభ్రం చేసిన సామాను పెట్టుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. నిజంగా క్రిములు చావాలంటే పనిముట్లని బ్రష్షుతో రుద్ది కడిగి, పౌచ్‌లో పెట్టి, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో కనీసం అరగంట ఉంచాలి. పౌచ్ మీది గుర్తు రంగు మారితే అది ఆవిరి గండం దాటినట్టు. ఆ పౌచ్‌ని ముందే చింపి పళ్ళెంలో సర్దిపెడితే ఎవరికీ తెలియదు, కస్టమర్ కళ్ళెదుటే చింపాలి. ఆ చిన్న చప్పుడు ఏ ఇటాలియన్ మార్బుల్ చెప్పలేనిది చెబుతుంది.

పెడిక్యూర్ కుర్చీ సంగతి ఇంకా విచిత్రం. నీళ్ళు సుడులు తిరిగే టబ్బున్న కుర్చీ చూడగానే ఖరీదుగా ఉంటుంది. 2000వ సంవత్సరంలో అమెరికాలో కాలిఫోర్నియాలోని ఒక నెయిల్ సెలూన్‌లో ఇలాంటి టబ్బుల్లో కాళ్ళు పెట్టిన వందమందికి పైగా కస్టమర్లకి మోకాళ్ళ కింద మానని కురుపులు లేచాయి. పరీక్షిస్తే, నీళ్ళు లోపలికి లాగే జల్లెడల వెనక వెంట్రుకలూ చర్మపు పొట్టూ పేరుకుని, వాటిలో మైకోబాక్టీరియా పెరుగుతోంది. ముందురోజో ఆ పొద్దునో కాళ్ళకి షేవింగ్ చేసుకున్నవాళ్ళకి ఎక్కువగా సోకింది. కింది పార్లర్‌లో వాడే ప్లాస్టిక్ టబ్బుని సబ్బుతో తోమి, క్రిమినాశిని పోసి, ఆరబెడితే ఈ బాధ లేదు. అందులో మనిషికొక ప్లాస్టిక్ కవరు పరిస్తే ఇంకా నిశ్చింత. స్టూడియో ఆవిడ గొట్టాల్లేని మంచి రాగి గిన్నెనో పింగాణీ గిన్నెనో కొనుక్కుంటే డబ్బూ మిగులుతుంది, అందంగానూ ఉంటుంది. వాక్స్ విషయమూ అంతే. ఒంటికి రాసిన పుల్లని మళ్ళీ వాక్స్ డబ్బాలో ముంచితే ఆ వాక్స్ విదేశీదైనా ఒకటే, స్వదేశీదైనా ఒకటే.

పెట్టుబడి లేకుండా మారగలిగినదొకటుంది, నోరు. "మేడమ్, ట్యాన్ చాలా ఉంది, ఇంకో ప్యాక్ వేద్దామా?" అన్న మాట పార్లర్‌లో చెల్లుతుంది, అక్క కాబట్టి విసుక్కోకుండా "వద్దులేవే" అంటారు. రెండు వేలు కట్టి పడుకున్న మనిషికి అదే మాట ముల్లులా తగులుతుంది. అడగాల్సినవన్నీ చేయి వేయకముందే అడిగి, రాసుకుని, ఆ తర్వాత నీళ్ళు కావాలా అని తప్ప ఇంకేమీ అడగకూడదు. కమీషన్ మీద పనిచేసే అమ్మాయిని ఇలా మౌనంగా ఉండమంటే ఉండదు, అందుకే ఇక్కడ జీతమే ఎక్కువగా ఉండాలి. ఇంత చేశాక కూడా ఆ అమ్మాయి మానేసి ఇంటింటికీ తిరిగి చేసే పనిలో చేరితే, చేయి అలవాటైన కస్టమర్లు ఆమె వెంటే వెళ్ళిపోతారు. ఈ వృత్తిలో దానికి పూర్తి మందు ఎవరూ కనిపెట్టలేదు.

పన్ను దగ్గర ఈమధ్య పరిస్థితి మారింది. ఏడాదికి 20 లక్షల లోపు టర్నోవరున్న పార్లర్‌కి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన లెక్క ప్రకారం స్టూడియో ఆ గీత దాటుతుంది. 2025 సెప్టెంబరు 22 దాకా బ్యూటీ సేవల మీద 18 శాతం ఉండేది, రెండు వేల ఫేషియల్ బిల్లు 2,360 అయ్యేది. ఇప్పుడు 5 శాతమే కాబట్టి 2,100. అయితే ఈ 5 శాతం ఇన్‌పుట్ క్రెడిట్ లేకుండా ఇచ్చింది. అద్దె 60 వేల మీద జీఎస్టీ 10,800 కడితే, ఇదివరకు దాన్ని తను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునేది, ఇప్పుడది పూర్తిగా ఖర్చే. గదుల అలంకరణ, యంత్రాలు, క్రీముల మీది పన్నూ అంతే. పైన చెప్పిన 1,80,000లో ఈ అద్దె పన్ను కలపలేదు. కలిపితే గంట ఖర్చు 720 నుంచి 763కి పోతుంది.

ఇక ప్రారంభోత్సవపు 50 శాతం ఆఫర్. మంగళవారం పొద్దున ఖాళీగా ఉన్న గదిని వెయ్యి రూపాయలకి అమ్మినా క్రీముల 350 పోను 650 చేతికొస్తుంది, ఖాళీగా ఉంచడంకన్నా నయమే కదా అనిపిస్తుంది. ఆ గంట వరకూ నిజమే. కానీ ఆ వెయ్యి ఆవిడ మనసులో అసలు ధరగా స్థిరపడిపోతుంది. మరుసటి నెల రెండు వేలంటే మోసం చేసినట్టు చూస్తుంది, 700 పార్లర్ గుర్తొస్తుంది. ధర కదపకుండా మంగళ, బుధవారాలకి పదిహేను నిమిషాల తలమర్దన కలిపితే సరిపోతుంది. ఆ గంటల్లో అమ్మాయిలు ఎలాగూ ఊరికే కూర్చుంటారు, అయ్యేది కాస్త నూనె.

ఆరు నెలలు గడిచాక ఎక్కడ నిలబడ్డామో తెలుసుకోవడానికి అపాయింట్‌మెంట్ పుస్తకం తిరగేస్తే చాలు. ఒకసారి వచ్చినవాళ్ళలో రెండు నెలల్లోపు పూర్తి ధరకి మళ్ళీ వచ్చినవాళ్ళెందరో టిక్కు పెట్టుకోవాలి. ఆఫరుకి వచ్చి ఆగిపోయిన పేర్లే పేజీల నిండా ఉంటే ఆవిడ ఏసీ పెట్టిన పార్లర్ నడుపుతున్నట్టు, కింది పార్లర్‌తో ఆ పోటీలో గెలవడం ఎన్నటికీ కాదు, ఎందుకంటే అక్కడి అద్దె 15 వేలు. అదే పేర్లు నెలకోసారి వస్తూ, ఒక్కోసారి పక్కన అత్తగారి పేరో స్నేహితురాలి పేరో కొత్తగా చేరుతుంటే, వచ్చే ఏడాది మూడో బ్యూటీషియన్‌ని తీసుకోవడం గురించి ఆలోచించవచ్చు.