సెర్చ్‌లో పేజీ శీర్షిక ఎందుకు మారుతుంది?

వెబ్ పేజీ కోడ్‌లో `<title>` అనే భాగం ఉంటుంది. సెర్చ్ ఫలితాల్లో నీలిరంగులో కనిపించే శీర్షికను గూగుల్ చాలావరకు అక్కడి నుంచే తీసుకుంటుంది. 2021 సెప్టెంబరులో ఆ సంస్థ చెప్పిన లెక్క ప్రకారం 87 శాతం సందర్భాల్లో ఇలాగే జరుగుతుంది. మిగతా చోట్ల పేజీలోని పెద్ద అక్షరాల శీర్షికనో, ఇతర పేజీలు ఆ పేజీకి ఇచ్చిన లింకులోని మాటలనో వాడుకుంటుంది. పేజీలో ఏముందో `<title>` సరిగా చెప్పడం లేదని తోచడమే ఇందుకు కారణం. అది సగం ఖాళీగా ఉండవచ్చు, వందల పేజీలకు ఒకటే కావచ్చు, లేదా అందులో పాత సంవత్సరం మిగిలిపోయి ఉండవచ్చు.

తెలుగు సైట్లకు తరచూ ఎదురుకాగల కారణం మరొకటి ఉంది. పేజీలోని విషయం ఒక లిపిలో, శీర్షిక మరో లిపిలో ఉంటే, విషయం ఉన్న లిపికి దగ్గరగా ఉండే శీర్షికను ఎంచుకునే పద్ధతిని గూగుల్ 2022 జూన్‌లో ప్రవేశపెట్టింది. ఉదాహరణకు ఒక వంటల పేజీ ఇలా ఉందనుకుందాం:

```
<title>Gongura Pachadi Tayari 2023 | Home</title>
<h1>గోంగూర పచ్చడి తయారీ విధానం</h1>
```

వంట వివరమంతా తెలుగులోనే ఉంది. శీర్షిక మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. పైగా అందులో పచ్చడితో సంబంధం లేని సంవత్సరం, ఏమీ చెప్పని “హోమ్” ఉన్నాయి. ఇలాంటి చోట గూగుల్ `<h1>`లోని తెలుగు వాక్యాన్ని చూపించే అవకాశం ఎక్కువ. నిజానికి పాఠకుడికీ అదే మేలు. కాబట్టి ఇక్కడ సరిచేయాల్సింది పేజీనే:

```
<title>గోంగూర పచ్చడి తయారీ విధానం</title>
```

ఇప్పుడు రెండు శీర్షికలూ ఒకే మాట చెబుతాయి, వేరేది వెతుక్కోవాల్సిన పని గూగుల్‌కు ఉండదు. పేజీలో ప్రధాన శీర్షిక ఒక్కటే ఉండాలి, మిగతా ఉపశీర్షికల కంటే అది స్పష్టంగా పెద్దదిగా కనిపించాలి. ఒకే సైజులో రెండు మూడు ఉంటే ఏది అసలుదో గూగుల్‌కు తేలదు. శీర్షికలో సంవత్సరం తప్పనిసరైతే, విషయాన్ని కొత్తగా మార్చిన ప్రతిసారీ `<title>`లోనూ మార్చాలి.

శీర్షిక చివర చుక్కలు కనిపించినంత మాత్రాన గూగుల్ దాన్ని తిరగరాసిందని కాదు. తెర వెడల్పు చాలక అక్కడ తెగిందంతే. అందుకే ముఖ్యమైన మాటలు ముందుండాలి. మొత్తం వేరే మాటలు కనిపిస్తే మాత్రం బ్రౌజర్‌లో పేజీ సోర్స్ తెరిచి `<title>`తో పోల్చిచూడాలి.

సరిచేశాక సెర్చ్ కన్సోల్‌లో ఆ పేజీ చిరునామా ఇచ్చి మళ్లీ ఇండెక్స్ చేయమని కోరవచ్చు. మార్పు కనిపించడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పట్టవచ్చు. శీర్షిక మార్చవద్దని గూగుల్‌కు ఆదేశించే కోడ్ ఏదీ లేదు.